వూండ్ సర్టిఫికెట్‌లో చూసింది ఏది, అభిప్రాయం ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏరియా ఆసుపత్రుల్లో, సీహెచ్‌సీల్లో క్యాజువాల్టీ డ్యూటీ చేసే కొత్త డాక్టర్లు, హౌస్ సర్జన్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. రెండు మూడు మాత్రం స్టేషన్ నుంచి వచ్చేవి, గాయపడినవాళ్ల ఇంటివాళ్లు అడిగేవి. అన్నిటికీ ఒకే కేసు మీద జవాబు చెబుతాను. కేసు కల్పించిందే, కానీ అందులోని గాయాలు పల్లె ప్రాంతంలో క్యాజువాల్టీ చూసిన ఎవరికైనా తెలిసినవే.

గట్టు తగాదా. రాత్రి 10:20కి 34 ఏళ్ల రైతుని ఒక కానిస్టేబుల్ మెమోతో పాటు తీసుకొచ్చాడు. తలకి తువ్వాలు చుట్టి ఉంది, ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు. "సాయంత్రం ఏడింటికి పక్క పొలం అతను గొడ్డలితో తల మీద కొట్టాడు, వాళ్ల తమ్ముడు కర్రతో చేతి మీద కొట్టాడు" అని చెబుతున్నాడు. స్పృహలోనే ఉన్నాడు, మాట స్పష్టంగా ఉంది.

ముందు వైద్యమా, ముందు రాతపనా?

వైద్యమే. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. మెమో లేకపోయినా, పోలీసులు రాకపోయినా ప్రాణం కాపాడే పని ఆగకూడదు. అయితే రక్తస్రావం అదుపులో ఉండి, బీపీ, పల్స్ నిలకడగా ఉంటే, కుట్లు వేసే ముందు అయిదు నిమిషాలు గాయాన్ని చూసి రాసుకోండి. ఈ కేసులో ఆ అయిదు నిమిషాల మీదే అంతా ఆధారపడింది. ఎందుకో కింద చెబుతాను.

అతను "గొడ్డలితో కొట్టాడు" అన్నాడు. నేను ఎక్కడ రాయాలి?

ఘటన గురించి అతను చెప్పినదానికి సర్టిఫికెట్‌లో వేరే చోటు ఉంటుంది. అక్కడ ఎవరు చెప్పారో, ఏం చెప్పారో, ఎప్పుడు జరిగిందన్నారో రాసి వదిలేయండి. రోగే చెప్పాడా, వెంట వచ్చినవాళ్లు చెప్పారా అన్నది తప్పనిసరిగా రాయాలి. మన దగ్గర అలవాటుగా "తెలిసిన వ్యక్తులు కొట్టారని ఆరోపణ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. అది మరీ పొడి మాట. ఏ వస్తువుతో, శరీరం మీద ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది అతని మాటల్లోనే ఉంటే తర్వాత పోల్చి చూడడానికి పనికొస్తుంది.

ఇక ఆ మాట అక్కడి నుంచి కదలకూడదు. గాయాల వర్ణనలో "గొడ్డలి దెబ్బ, తల ఎడమ వైపు" అని కనబడిందంటే డాక్టరు చూసింది కాదు, విన్నది రాశాడన్నమాట. గొడ్డలిని మీరు చూడలేదు, దెబ్బ పడడమూ చూడలేదు. మీ కళ్ల ముందున్నది చర్మం మీద తెగిన చోటు ఒక్కటే.

మరి ఆ తల గాయాన్ని ఎలా రాయాలి?

కేసులో తువ్వాలు విప్పి, గడ్డకట్టిన రక్తాన్ని సెలైన్‌తో మెల్లగా కడిగి, చుట్టూ జుట్టు తీసి చూస్తే ఇలా కనిపించిందనుకోండి:

"గాయం 1. తల ఎడమ వైపు పెరైటల్ భాగంలో, మధ్యరేఖకు 3 సెం.మీ. ఎడమగా, ఎడమ చెవి పైఅంచుకు 6 సెం.మీ. పైన, ముందు నుంచి వెనక్కి నిలువుగా ఉన్న తెగిన గాయం. పొడవు 5 సెం.మీ., వెడల్పు 1 సెం.మీ., లోతు ఎముక వరకు. అంచులు పైకి సూటిగా కనిపించినా లెన్స్‌తో చూస్తే హెచ్చుతగ్గులుగా ఉన్నాయి. అంచుల చుట్టూ అర సెంటీమీటరు మేర కమిలిన గుర్తు. గాయం లోపల ఒక అంచు నుంచి మరో అంచుకు సన్నని కణజాలపు తంతువులు తెగకుండా ఉన్నాయి. వెంట్రుకల కుదుళ్లు నలిగి ఉన్నాయి, వెంట్రుకలు శుభ్రంగా తెగి లేవు. కనిపించినంత మేర ఎముక మీద కోత గుర్తు లేదు. రక్తం ఊరుతోంది, కొంత గడ్డకట్టి ఉంది."

ఇందులో ఆయుధం పేరు లేదు, ఎవరు కొట్టారో లేదు, సింపులా గ్రీవియసా అన్నదీ లేదు. రేపు ఇంకో డాక్టరు ఇది చదివితే గాయం చూడకుండానే సొంతంగా ఒక అభిప్రాయానికి రాగలగాలి. అభిప్రాయాన్ని ఫైండింగ్స్‌లో కలపకపోతే వచ్చే లాభం ఇదే. మీ అభిప్రాయం తప్పైనా మీరు చూసింది నిలబడుతుంది, దాని మీద ఇంకొకరు సరైన అభిప్రాయం ఇవ్వగలుగుతారు. రెండూ కలిపేస్తే రెండూ పోతాయి. వారం తర్వాత ఆ గాయం ఎలాగూ ఉండదు, మచ్చే ఉంటుంది.

"లాసరేటెడ్ వూండ్" అని రాస్తే చాలదా? అది చూసిందే కదా?

సగం చూసింది, సగం తేల్చింది. లాసరేషన్ అన్న పేరులోనే "మొద్దు వస్తువు వల్ల చర్మం చిట్లింది" అన్న తీర్మానం ఉంది. ఇన్‌సైజ్డ్ అంటే "పదునైన అంచుతో కోసుకుంది" అన్న తీర్మానం. ఆ పేర్లు వాడొద్దని చెప్పడం లేదు, వాడకుండా పని జరగదు కూడా. కానీ పేరు పెట్టడానికి ఆధారమైన గుర్తులు పక్కనే ఉండాలి. అంచులు, కణజాలపు తంతువులు, వెంట్రుకల కుదుళ్లు, చుట్టూ కమిలిన గుర్తు, ఇవన్నీ రాసి "లాసరేటెడ్" అంటే అభ్యంతరం లేదు. ఇవేవీ లేకుండా ఆ ఒక్క మాటే ఉంటే చూసింది ఏమిటో ఎవరికీ తెలియదు.

తల మీద ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. తల చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది. కర్ర దెబ్బ పడితే చర్మం ఆ వస్తువుకీ ఎముకకీ మధ్య నలిగి సూటిగా చీలుతుంది, చూడ్డానికి కత్తితో కోసినట్టే ఉంటుంది. రాత్రి పూట ట్యూబ్‌లైట్ వెలుతురులో, రక్తం నిండిన జుట్టులో చూసి "ఇన్‌సైజ్డ్" అని రాసిన సర్టిఫికెట్లు చాలా ఉన్నాయి. రోగి నోట "గొడ్డలి" అన్న మాట ముందే విన్నాక కంటికి కోతే కనబడుతుంది. అందుకే లెన్స్ పట్టుకోమనేది. లెన్స్ లేకపోతే మంచి టార్చి అయినా పట్టుకోండి.

ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. "డిఫెన్స్ వూండ్", "గోటి గుర్తులు", "సిగరెట్ కాల్చిన గాయం", "పంటి గాటు". ఇవన్నీ ఎలా జరిగిందో చెప్పే మాటలు. ఆకారం, కొలత, రంగు, ఉన్న చోటు ఫైండింగ్స్‌లో రాయండి. పేరును అభిప్రాయంలోకి పంపండి.

నేను చూసేసరికే ఎవరో కుట్లు వేసేశారు. అప్పుడు?

అప్పుడు మీరు చూసింది కుట్లు వేసిన గాయాన్ని. "4 కుట్లు వేసి ఉన్న గాయం, పొడవు 5 సెం.మీ., అసలు అంచులు, లోతు పరిశీలించడానికి వీలుకాలేదు" అనే రాయండి. ముందు చూసిన ఆర్‌ఎంపీయో, పీహెచ్‌సీ డాక్టరో చెప్పిన లోతును మీ ఫైండింగ్‌గా రాయొద్దు. ముందటి ఆసుపత్రి చీటీ ఉంటే దాని తేదీ, నంబరు వేసి "ఆ చీటీలో ఇలా ఉంది" అనండి. ఆయుధం గురించి అడిగితే కుట్ల వల్ల చెప్పలేనని రాయడానికి మొహమాటపడనక్కర్లేదు.

చేతి గాయం సంగతేమిటి?

"గాయం 2. ఎడమ ముంజేయి చిటికెన వేలి వైపు, మణికట్టుకు 11 సెం.మీ. పైన, అడ్డంగా రెండు సమాంతర ఎర్రటి గీతలు, పొడవు 9 సెం.మీ., మధ్యలో 2.5 సెం.మీ. వెడల్పున పాలిపోయిన చర్మం. చుట్టూ వాపు. నొక్కితే నొప్పి. ఎముక దగ్గర కదలిక, కరకరమన్న స్పర్శ ఉన్నాయి."

దీన్ని ట్రామ్‌లైన్ బ్రూయిజ్ అంటారు. కర్ర లాంటి గుండ్రటి పొడవాటి వస్తువు గట్టిగా తగిలినప్పుడు నేరుగా తగిలిన చోట రక్తం పక్కలకు నెట్టుకుపోతుంది. రెండు అంచుల్లో చిన్న రక్తనాళాలు చిట్లి గీతలు పడతాయి, మధ్య భాగం పాలిపోతుంది. ఈ వివరణంతా అభిప్రాయానికి కారణం అవుతుంది, ఫైండింగ్ కాదు. రెండు గీతలు, మధ్య పాలిపోయిన చోటు, వాటి కొలతలు ఫైండింగ్. తేడా ఇంతే.

నొప్పిని ఎక్కడ రాయాలి? అది కనిపించదు కదా?

"చెయ్యి నొప్పిగా ఉంది" అని అతను అంటే అది ఫిర్యాదు, అతను చెప్పినదానిలోకి పోతుంది. మీరు నొక్కినప్పుడు చెయ్యి లాక్కుంటే, మొహం ముడుచుకుంటే అది పరీక్షలో తేలింది, ఫైండింగ్స్‌లోకి పోతుంది. అయితే వాపు, రంగు, ఎముక కదలిక లాగా అది పూర్తిగా మీ చేతిలో ఉన్న గుర్తు కాదు, కొంత రోగి సహకారం మీద ఆధారపడింది. గుర్తు ఏమీ లేకుండా "ఛాతీలో నొక్కితే నొప్పి" ఒక్కటే ఉంటే "బయటికి గాయం కనిపించలేదు" అని కలిపి రాయండి. "ఛాతీకి గాయం" అని రాయకూడదు.

మద్యం కూడా ఇంతే. ఊపిరిలో సారా వాసన వస్తోందన్నది మీ ముక్కుకి తెలిసింది. "మత్తులో ఉన్నాడు" అన్నది అభిప్రాయం, దానికి నడక, మాట, కంటి పాపలు, అడిగినదానికి జవాబు చెప్పే తీరు లాంటివి ఆధారంగా ఉండాలి. వాసన ఒక్కటే పట్టుకుని "మత్తులో ఉన్నాడు" అని రాస్తే కొట్టినవాళ్ల లాయరుకి మంచి సాయం చేసినట్టే.

"తాజా గాయం" అని రాయడంలో తప్పేముంది?

"తాజా" అనేది కంటికి కనిపించే గుర్తు కాదు. ఎర్రటి రంగు, ఊరుతున్న రక్తం, చెక్కు కట్టకపోవడం, అంచుల్లో వాపు, ఇవి కనిపించేవి. ఇవి రాశాక అభిప్రాయంలో "24 గంటల లోపు అయి ఉండవచ్చు, చెప్పిన సమయంతో పొసగుతోంది" అనండి. ఈ కేసులో మీరు చూసింది రాత్రి 10:30కి, అతను చెప్పింది ఏడు గంటలకు. మూడున్నర గంటల క్రితమే అయిందని మాత్రం ఎవరూ చెప్పలేరు. మధ్యాహ్నం రెండింటికి అయినా గాయం ఇంచుమించు ఇలాగే ఉండేది.

కమిలిన గాయాల రంగు చూసి రోజులు లెక్కగట్టే పట్టికలు పాత పుస్తకాల్లో ఉంటాయి. ఎర్రగా ఉంటే ఇన్ని రోజులు, ఆకుపచ్చగా ఉంటే ఇన్ని అని. వాటిని నమ్ముకోవద్దు. వయసు, గాయం లోతు, చర్మం రంగు, శరీరంలో చోటు మారితే రంగు మారే వేగం కూడా మారుతుంది. కొంచెం నమ్మదగ్గ గుర్తు ఒక్కటే. పసుపు రంగు కనిపిస్తే సాధారణంగా గాయమై కనీసం 18 గంటలైనా అయ్యుంటుంది. పసుపు లేదు కాబట్టి కొత్తదే అనడానికి వీల్లేదు. మన వాళ్ల చామనఛాయ చర్మం మీద ఆ పసుపు కనిపెట్టడమే కష్టం.

లేని గాయాలు కూడా రాయాలా?

రాయాలి, అడిగే అవకాశం ఉన్నవి. ఈ కేసులో మెడ మీద, వీపు మీద, రెండు అరచేతుల్లో ఏ గాయమూ లేదని చూసి రాస్తే అది ఫైండింగ్. చూడకుండా ఆ గడి ఖాళీగా వదిలేస్తే దానికి అర్థమే లేదు. కోర్టులో "వీపు మీద గాయాలు లేవు కదా డాక్టరుగారూ" అని అడిగితే "రాయలేదు" అనాల్సి వస్తుంది. లేవా, చూడలేదా అన్నది మీక్కూడా గుర్తుండదు. చొక్కా విప్పించకపోతే "వీపు పరిశీలించలేదు" అనే రాయండి. అది కూడా నిజమే.

ఇక అభిప్రాయం. గాయం 1 దేనివల్ల అని రాయాలి?

మొద్దు వస్తువు బలంగా తగలడం వల్ల. ఇది గాయంలోని గుర్తుల నుంచి వచ్చిన మాట, కాబట్టి ఆ గుర్తులే కారణంగా రాయాలి: "అంచులు హెచ్చుతగ్గులుగా ఉండడం, తంతువులు తెగకపోవడం, కుదుళ్లు నలగడం, ఎముక మీద కోత లేకపోవడం వల్ల, గాయం 1 మొద్దు వస్తువు తగలడం వల్ల అయి ఉండవచ్చు. పదునైన అంచు వల్ల కలిగిన గాయంలా లేదు."

ఇక్కడే చాలామంది తొందరపడతారు. అతను గొడ్డలి అన్నాడు, గాయం మొద్దు వస్తువుది, కాబట్టి గొడ్డలి అబద్ధం అని. గొడ్డలికి ఒక్క పదునైన అంచే కాదు, వెనక వైపు బరువైన ఇనప దిమ్మ కూడా ఉంటుంది. వెనక వైపుతో కొడితే సరిగ్గా ఇలాంటి గాయమే అవుతుంది. "గొడ్డలి కాదు" అనడం మీ గాయం చెప్పేదానికి మించిన మాట. "గొడ్డలితోనే" అనడమూ అంతే. గాయం చెప్పేది తగిలిన ఉపరితలం గురించి, వస్తువు పేరు గురించి కాదు.

గాయం 2కి "గుండ్రటి పొడవాటి మొద్దు వస్తువు, ఉదాహరణకు కర్ర లాంటిది, తగలడం వల్ల అయి ఉండవచ్చు" అనొచ్చు. ట్రామ్‌లైన్ గుర్తు ఆ మాటకు బలమిస్తుంది. గాయమున్న చోటు తలకి అడ్డుగా చెయ్యి పెట్టిన భంగిమతో పొసగుతుందని అడిగితే చెప్పొచ్చు. "చెయ్యి అడ్డం పెట్టాడు" అని మాత్రం చెప్పకండి.

పోలీసులు కర్ర ఒకటి తెచ్చి "దీంతోనే కొట్టారా" అని రాసివ్వమంటున్నారు.

రాతపూర్వకంగా అడగమనండి, ఏ వస్తువును ఎప్పుడు ఎలా సీలు వేసి పంపారో ఉండాలి. తెరిచాక కర్ర పొడవు, చుట్టుకొలత, బరువు, మీద రక్తం లాంటి మరకలు ఉన్నాయో లేవో చూసి రాయండి. వీలైతే చిన్న బొమ్మ కూడా గీయండి. ఇవన్నీ ఫైండింగ్స్. ఆ కర్ర మందం సుమారు 2.5 సెం.మీ. ఉంటే "గాయం 2 ఇలాంటి కర్రతో అయ్యే అవకాశం ఉంది" అనొచ్చు. "ఈ కర్రతోనే" అనడానికి గాయం దగ్గర ఆధారం ఉండదు. ఆ ఊళ్లో అదే మందం కర్రలు ఇంకా ఎన్నున్నాయో ఆలోచించండి. చూశాక మళ్లీ సీలు వేసి రసీదు తీసుకుని వెనక్కి ఇవ్వండి.

సింపుల్, గ్రీవియస్ అన్నది ఫైండింగా, అభిప్రాయమా?

అభిప్రాయమే, అది కూడా చట్టంలోని నిర్వచనానికి గాయాన్ని సరిపోల్చి చెప్పేది. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, అందులో 116వ సెక్షన్ ఎనిమిది రకాల గాయాలను గ్రీవియస్‌గా లెక్కిస్తుంది. ఎముక లేదా పన్ను విరగడం, స్థానభ్రంశం కావడం వాటిలో ఒకటి. చివరిది ప్రాణానికి ప్రమాదం తెచ్చిన గాయం, లేదా 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉండడం లేదా తన మామూలు పనులు చేసుకోలేకపోవడం. పాత ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది. 20 అన్న అలవాటు ఇంకా చాలామందికి పోలేదు.

కేసులో చేతికి ఎక్స్‌రే తీస్తే ఎడమ అల్నా ఎముక మధ్య భాగంలో అడ్డంగా విరిగింది. తలకి సీటీ తీస్తే పుర్రె విరగలేదు, లోపల రక్తస్రావం లేదు. కాబట్టి గాయం 1 సింపుల్, గాయం 2 గ్రీవియస్. రెండింటికీ కలిపి ఒకే మాట రాయకండి. కొట్టినవాళ్లు ఇద్దరని ఆరోపణ ఉంది, ఏ గాయం ఎవరి పేరు మీదికి వెళుతుందో దాన్ని బట్టి ఇద్దరి మీదా పడే సెక్షన్లు మారతాయి. ఆయుధం ప్రమాదకరమైనదా అన్నదాన్ని బట్టి 118వ సెక్షన్ కూడా రావచ్చు. సెక్షన్ పెట్టడం మాత్రం పోలీసుల పని, తేల్చడం కోర్టు పని. సర్టిఫికెట్‌లో సెక్షన్ నంబరు రాయాల్సిన అవసరం డాక్టరుకి లేదు.

ఎక్స్‌రే నంబరు, తేదీ, రేడియాలజిస్టు రిపోర్టు లేకుండా "గ్రీవియస్" అని రాయకండి. చేత్తో తడిమి కరకరమందని ఎముక విరిగిందని అనుకోవడం సరైనదే కావచ్చు, కానీ కోర్టు ముందు అడిగేది ఫిల్మే. ఫిల్మ్ కనిపించకపోతే ఆ ఒక్క మాటకు విలువ పడిపోతుంది.

ఎక్స్‌రే ఆ రాత్రి దొరకలేదు. ఖాళీగా వదిలేయాలా?

"గాయం 1, 2 స్వభావంపై అభిప్రాయం ఎక్స్‌రే, సీటీ రిపోర్టులు వచ్చాక" అని రాసి, సర్టిఫికెట్‌లో మిగతాది పూర్తి చేసి సంతకం పెట్టండి. రిపోర్టులు వచ్చాక తుది అభిప్రాయం వేరే తేదీతో, వేరే సంతకంతో ఇవ్వండి. స్టేషన్ నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా "సింపుల్ అని వేసేయండి, తర్వాత మార్చుకుందాం" అనే మాటకి ఒప్పుకోవద్దు. తర్వాత మార్చిన అభిప్రాయానికి కారణం ఎంత న్యాయమైనదైనా, ముందు తొందరపడి ఇచ్చినదాన్నే పదేపదే చదివి వినిపిస్తారు.

15 రోజుల లెక్కకి కూడా ఇదే వర్తిస్తుంది. అతను 16 రోజులు వార్డులో పడుకున్నంత మాత్రాన గ్రీవియస్ కాదు. ఆ రోజుల్లో నొప్పి తీవ్రంగా ఉందా, తన పనులు చేసుకోలేకపోయాడా అన్నది కేసు షీట్‌లో రోజూ రాసిన నోట్స్ నుంచి తేలాలి.

సీటీ మళ్లీ తీస్తే సన్నటి పగులు కనిపించింది. పాత సర్టిఫికెట్ దిద్దొచ్చా?

దిద్దకూడదు. కొత్త సమాచారంతో అదనపు అభిప్రాయం ఇవ్వండి, ఏ తేదీన ఏ రిపోర్టు చూశాక మారిందో రాయండి. మొదటి సర్టిఫికెట్‌లోని గాయాల వర్ణన అలాగే ఉండాలి, ఎందుకంటే ఆ రాత్రి మీ కంటికి కనిపించింది ఈరోజు వచ్చిన సీటీతో మారదు. రాస్తున్నప్పుడే చెయ్యి తప్పి కుడి, ఎడమ తారుమారైతే ఒక గీత కొట్టి, కింది మాట చదవగలిగేలా ఉంచి, సరైనది రాసి, పక్కన పొడి సంతకం, తేదీ వేయండి. వైట్‌నర్ పూసిన సర్టిఫికెట్ చూస్తే మీ మీద అనుమానం లేనివాళ్లకి కూడా వస్తుంది.

బండి మీద నుంచి పడినా ఇలాంటి గాయాలు అవుతాయి కదా?

నిందితుల తరఫు లాయరు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. తల గాయం ఒక్కటే అయితే "గట్టి నేల మీదో రాయి మీదో పడినా అయ్యే అవకాశం ఉంది" అని ఒప్పుకోవాలి, నిజం కాబట్టి. పడితే సాధారణంగా మోకాళ్లు, మోచేతులు, అరచేతుల మీద గీరుకున్న గాయాలు, వాటిలో మట్టి ఉంటాయి. అవి లేవని మీరు ముందే చూసి రాసి ఉంటే, ఇప్పుడు ఆ మాట జవాబుకి పనికొస్తుంది. ట్రామ్‌లైన్ గుర్తు పడిపోవడంతో అంత తేలిగ్గా రాదని కూడా చెప్పొచ్చు. చూడండి, ఇక్కడ వాదించేది మీరు కాదు. ఆ రాత్రి చూసి రాసిన అరచేతులు వాదిస్తున్నాయి.

కోర్టులో నా అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుంది?

భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయంగా తీసుకుంటారు. మీరు చూసిన గాయాల విషయంలో మాత్రం మీరు స్వయంగా చూసిన సాక్షి. నాలుగేళ్ల తర్వాత సమన్లు వచ్చేసరికి ఆ మనిషి మొహం కూడా గుర్తుండదు, అప్పుడు రాసుకున్నదాన్ని చూసి జ్ఞాపకం తెచ్చుకునే వీలు చట్టం ఇస్తుంది. రాసి ఉంటేనే అది పనికొస్తుంది.

డాక్టరు అభిప్రాయానికీ కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యానికీ తేడా వస్తే ఏం చేయాలో 1983లో సోలంకి చిమన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్య సాక్ష్యం మామూలుగా మిగతా సాక్ష్యానికి బలమిచ్చేది. సాక్షులు చెప్పినట్టు గాయం కలిగే అవకాశాన్ని అది పూర్తిగా కొట్టిపారేస్తే తప్ప, ఆ తేడా ఒక్కటీ పట్టుకుని సాక్షులను పక్కన పెట్టకూడదు. మన కేసుకి ఇది సూటిగా వర్తిస్తుంది. పొలంలో ఉన్న కూలీ "గొడ్డలితో కొట్టాడు" అని చెబుతాడు. మీ రిపోర్టు "పదునైన అంచు కాదు, మొద్దు ఉపరితలం" అంటుంది. గొడ్డలి వెనక వైపు అయ్యే అవకాశాన్ని మీరు మూసేయలేదు కాబట్టి కూలీ మాట నిలబడే వీలుంది. అతిగా ధీమాతో "గొడ్డలి గాయం కాదు, కర్ర గాయం" అని రాసి ఉంటే, గాయం చెప్పని మాట వల్ల నిజం చెప్పిన సాక్షి ఇబ్బందిలో పడేవాడు. అలాగే కూలీ మాట అబద్ధమైతే? "గొడ్డలి అంచుతో నరికాడు" అని అతను గట్టిగా అంటే మీ ఫైండింగ్స్ దానికి అడ్డం తిరుగుతాయి. ఏది జరిగినా మీరు ఒక మాట కూడా మార్చాల్సిన పని లేదు.

మా అబ్బాయికి అన్ని కుట్లు పడితే "సింపుల్" అని రాశారు. డాక్టరు లంచం తిన్నాడా?

ఆ మాట ఒక్కదాన్ని బట్టి అలా అనుకోనక్కర్లేదు. సింపుల్ అంటే చిన్న దెబ్బ అని, నొప్పి లేదని అర్థం కాదు. 116లోని ఎనిమిది రకాల్లోకి రాదని మాత్రమే. 12 కుట్లు పడిన గాయం కూడా ఎముక విరగకుండా, ప్రాణాపాయం లేకుండా, చెప్పిన రోజుల్లో మానిపోతే సింపులే. ముఖం మీద శాశ్వతంగా వికారం చేసే మచ్చ మిగిలితే మాత్రం అది వేరు, మచ్చ తేలాక అడగాలి.

అనుమానం ఉంటే సర్టిఫికెట్ కాపీలో అభిప్రాయాన్ని వదిలేసి గాయాల వర్ణన చదవండి. ఎక్స్‌రే తీశారా, నంబరు ఉందా, పన్ను కదిలిందని మీరు చెప్పింది రాశారా, పరీక్షించారా చూడండి. ఫలానా పరీక్ష జరగలేదు, ఫలానా గాయం రాయలేదు అని స్పష్టంగా చూపించి దర్యాప్తు అధికారికి రాసిస్తే, ఆయన అదనపు అభిప్రాయం అడగవచ్చు, వేరే డాక్టర్లతో మళ్లీ చూపించనూవచ్చు. కేస్ షీట్, ఎక్స్‌రే ఫిల్ములు, డిశ్చార్జ్ కార్డు జాగ్రత్తగా ఉంచుకోండి. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ దగ్గర ఎండ తగిలేచోట పెట్టకండి, కేసు విచారణకి వచ్చేసరికి పాడైపోతుంది.